నెలకు 0.33 సీళ్లు: అరుదుగా కదిలే స్పేర్ల దగ్గర సగటు ఎక్కడ దారి తప్పిస్తుంది

ప్రశ్న: రాయగడ దగ్గర ఒక ప్లాంటు స్టోర్స్‌లో ప్లానింగ్ చూస్తున్నాను. ఒక స్ప్లిట్ కేసింగ్ పంపుకి వేసే మెకానికల్ సీలు ఉంది. ఒక్కోటి 85 వేలు, ఆర్డర్ పెట్టాక మూడు నెలలకి వస్తుంది. మా సిస్టమ్ మూవింగ్ ఏవరేజ్ తీసి ఫోర్‌కాస్ట్ ఇస్తుంది. దాన్ని నమ్మి కొంటే సరుకు కదలదు, ఆడిట్‌లో నాన్-మూవింగ్ అంటారు. తగ్గిస్తే సరిగ్గా అప్పుడే పంపు ఆగుతుంది, నాకు టెన్షన్. 3 నెలల సగటు పెట్టాలా, 12 నెలలదా? మా మేనేజర్ "నెలకు 0.33 పోయే వస్తువుని మూడు ఎందుకు ఉంచాలి" అంటున్నారు. రెండేళ్ల ఇష్యూలు ఇవీ:

```
1-12 : 0 0 2 0 0 0 0 1 0 0 0 0
13-24: 0 2 0 0 0 1 0 0 0 0 0 2
```

సమాధానం:

3 నెలలదైనా 12 నెలలదైనా జబ్బు ఒకటే, తీవ్రతే తేడా. కోరాపుట్, రాయగడ వైపు ప్లాంట్ల స్టోర్స్‌లో చాలాకాలం పనిచేశాను. మీరు చెప్పిన గొడవ ప్రతి చోటా చూశాను. మీరు అంకెలు పెట్టారు కాబట్టి వాటి మీదే చెబుతాను.

ముందు మీ పట్టికని మామూలు కళ్లతో చూడండి. 24 నెలల్లో 8 సీళ్లు పోయాయి, అంటే నెలకు 0.33. కానీ ఏ నెలలోనూ 0.33 సీలు పోలేదు. 19 నెలలు సున్నా, 5 నెలల్లో ఒకటో రెండో. సంత గురువారమే జరిగే ఊళ్లో రోజుకి సగటున ఎంతమంది వస్తారని లెక్క తీస్తే వచ్చే అంకెలాంటిదే ఇది. లెక్క తప్పు కాదు, కానీ ఆ అంకె ఏ రోజుకీ పనికిరాదు.

ఇప్పుడు 12 నెలల సగటు మీ దగ్గర ఏం చేసిందో నెలనెలా వేసి చూడండి. 13వ నెల చివర వెనక్కి చూస్తే పన్నెండు నెలల్లో పోయినవి 3, సగటు 0.25. 14వ నెలలో రెండు సీళ్లు పోయాయి, సగటు ఒక్కసారిగా 0.42కి ఎక్కింది. 15వ నెలలో ఏమీ జరగలేదు. ఒక్క స్లిప్పు కూడా రాలేదు. అయినా సగటు మళ్లీ 0.25కి పడిపోయింది. ఎందుకు? 3వ నెలలో పోయిన రెండు సీళ్లు కిటికీలోంచి జారిపోయాయి కాబట్టి. అంటే ఈ నెల ఫోర్‌కాస్ట్ దాదాపు 40 శాతం తగ్గడానికి కారణం పంపులో లేదు, ఏడాది కిందటి కాగితంలో ఉంది. ప్లానర్ మాత్రం స్క్రీన్ మీద "డిమాండ్ తగ్గుతోంది" అని చదువుకుంటాడు.

ఇంకో సంగతి చూడండి. 14, 18, 24 నెలల ఇష్యూలకి సరిగ్గా ముందు నెలలో 12 నెలల సగటు ఎంత? మూడుసార్లూ 0.25. ఇష్యూ అయిన నెల చివర ఎంత? 0.42, 0.33, 0.42. అసలు రేటు 0.33. మూడు నెలల సగటు అయితే మరీ ఘోరం. ప్రతి ఇష్యూకి ముందు నెలలో అది సున్నా. ఇష్యూ అయ్యాక రెండు పోతే 0.67, ఒకటి పోతే 0.33. ఐదు ఇష్యూల తర్వాతి అంకెల సగటు 0.53, అంటే అసలు రేటు కంటే 60 శాతం ఎక్కువ.

అసలు మెలిక ఇక్కడే ఉంది. అన్ని నెలలూ కలిపి చూస్తే మూవింగ్ ఏవరేజ్‌కి ఏ పక్షపాతమూ లేదు. ఎక్కువ చెప్పిన నెలలు, తక్కువ చెప్పిన నెలలు చెల్లుకు చెల్లు. కానీ మీరు దాన్ని అన్ని నెలల్లోనూ ఒకేలా వాడరు. స్టాకు తగ్గినప్పుడు, అంటే ఇష్యూ అయిన వెంటనే, సిస్టమ్ ఇండెంట్ లేపుతుంది. అప్పుడు ఫోర్‌కాస్ట్ శిఖరం మీద ఉంటుంది, కాబట్టి ఎక్కువ కొంటారు. స్టాకు కదలకుండా ఉన్నప్పుడు, అంటే చాలా నెలలు ఇష్యూ లేనప్పుడు, ఆడిట్ వాళ్లో ఫైనాన్స్ వాళ్లో మిగులు లిస్టు తీస్తారు. అప్పుడు ఫోర్‌కాస్ట్ అడుగున ఉంటుంది, కాబట్టి ఉన్నది ఎక్కువనిపిస్తుంది, ఆర్డర్ రద్దవుతుంది. పైన కొనడం, కింద కోయడం. మీరు రాసిన రెండు ఫిర్యాదులూ, కొంటే కదలదు, తగ్గిస్తే పంపు ఆగుతుంది, ఈ ఒక్క కారణంలోంచే వచ్చాయి.

దీన్ని లెక్కగా మొదట పట్టుకున్నది క్రోస్టన్. 1972లో రాసిన పరిశోధనా పత్రంలో ఆయన ఇదే చూపించాడు: ప్రతి నెలా సవరించే సాధారణ స్మూతింగ్ పద్ధతి, ఇష్యూ అయిన వెంటనే చూస్తే సగటున ఎక్కువే చెబుతుంది. ఆయన చెప్పిన మందు తేలికైనది. ఒకే అంకెని తిప్పలు పెట్టకుండా రెండు ప్రశ్నలుగా విడదీయమన్నాడు. పోయినప్పుడు ఎన్ని పోతున్నాయి? ఎన్నాళ్లకోసారి పోతున్నాయి? రెండింటికీ విడివిడిగా సగటు నడపాలి. వాటిని సవరించేది ఇష్యూ అయిన నెలలోనే. సున్నా నెలల్లో ఏదీ ముట్టుకోకూడదు.

మీ లెక్కలో ఐదు ఇష్యూల్లో 8 సీళ్లు, కాబట్టి ఇష్యూకి 1.6. మధ్య దూరాలు 3, 5, 6, 4, 6 నెలలు, సగటు 4.8 నెలలు. (మొదటి 3 నిజంగా దూరమో కాదో మనకి తెలియదు, అంతకుముందు ఎప్పుడు పోయిందో పట్టికలో లేదు. మొదలుపెట్టడానికి పర్వాలేదు.) 1.6ని 4.8తో భాగిస్తే అదే 0.33. మొదట్లో కొత్తగా ఏమీ రాలేదు. తేడా తర్వాతి నెలల్లో కనపడుతుంది.

ఉదాహరణకి 25 నుంచి 30వ నెల దాకా ఏమీ పోలేదు, 31వ నెలలో ఒక సీలు పోయింది అనుకుందాం. దూరం 7, పరిమాణం 1. Z అంటే ఇష్యూకి సగటు పరిమాణం, P అంటే సగటు దూరం, Q, T అంటే ఈసారి పరిమాణం, దూరం, F అంటే నెల ఫోర్‌కాస్ట్. సవరణ ఇలా:

```
Z_new = Z_old + 0.1*(Q - Z_old)   -> 1.6 + 0.1*(1 - 1.6) = 1.54
P_new = P_old + 0.1*(T - P_old)   -> 4.8 + 0.1*(7 - 4.8) = 5.02
F     = 0.95 * Z_new / P_new      -> 0.29
```

ఎక్సెల్‌లో ఒక్కో ఐటమ్‌కి రెండు గడులు చాలు. 0.1 అంటే కొత్త సమాచారానికి ఇచ్చే బరువు. ఇలాంటి వస్తువులకి 0.05 నుంచి 0.2 మధ్యలో ఉంచడం మంచిది, అంతకంటే పెంచితే మళ్లీ ఊగిసలాట మొదలవుతుంది. ఆ 0.95 ఎక్కడి నుంచి వచ్చిందంటే, క్రోస్టన్ అసలు పద్ధతిలోనూ ఒక చిన్న పొరపాటు ఉంది. సగటుని సగటుతో భాగిస్తే వచ్చేది కాస్త ఎక్కువ వైపు మొగ్గుతుంది. సింటెటోస్, బాయ్లన్ ఇద్దరూ దీన్ని బయటపెట్టి 2005లో సవరణ ఇచ్చారు: ఒకటిలోంచి బరువులో సగం తీసేసి, మిగిలినదానితో గుణించు. 0.1లో సగం 0.05, అందుకే 0.95తో గుణించాం. పాత అంకెకీ అదే చేస్తే 0.32. అంటే ఏడు నెలల దూరం తర్వాత మీ ఫోర్‌కాస్ట్ 0.32 నుంచి 0.29కి వచ్చింది. అదే 12 నెలల సగటు ఈలోపు ఏం చేసేది? 24వ నెలలో 0.42, 30వ నెలలో 0.17, 31లో మళ్లీ 0.25. పంపు ఒకటే, సీలు ఒకటే, నీళ్లు ఒకటే.

సింటెటోస్ బృందం ఏ వస్తువుకి ఏ పద్ధతి అనే గీత కూడా గీసింది. ఇష్యూల మధ్య సగటు దూరం 1.32 నెలల కంటే ఎక్కువుంటే అది అరుదుగా కదిలే వస్తువు కిందికి వస్తుంది. మీది 4.8, సందేహమే లేదు. పరిమాణాల్లో హెచ్చుతగ్గులు చూడటానికి ఇంకో కొలత ఉంది, దాని హద్దు 0.49. మీది 0.1 కూడా లేదు, ఎందుకంటే ఒకటి, రెండు తప్ప వేరే అంకె లేదు. అది మీ అదృష్టం. ఒకసారి 1, ఇంకోసారి 40 పోయే గాస్కెట్లూ బోల్టులూ అయితే ఇంత తేలిగ్గా ఉండదు.

ఒక హెచ్చరిక. ఏ పద్ధతి మంచిదో తేల్చడానికి మీ సిస్టమ్ ఇచ్చే ఫోర్‌కాస్ట్ ఎర్రర్ రిపోర్టుని నమ్మకండి. శాతాల్లో చూపే ఎర్రర్ సున్నా నెలల్లో సున్నాతో భాగించాల్సి వచ్చి చస్తుంది. కొన్ని సాఫ్ట్‌వేర్లు ఆ నెలల్ని చడీచప్పుడు లేకుండా వదిలేస్తాయి. సరే, నెలనెలా తేడాల సగటు తీద్దామంటే అది ఇంకా మోసం. మీ 24 నెలలకి ప్రతి నెలా 0.33 అని చెప్పి చూడండి, సగటు తేడా 0.53 వస్తుంది. ప్రతి నెలా సున్నా అని చెప్పండి, తేడా 0.33కి తగ్గుతుంది. అంటే "ఈ సీలు ఎప్పటికీ పోదు" అనేదే ఆ రిపోర్టు ప్రకారం అత్యుత్తమ ఫోర్‌కాస్ట్! సగానికి పైగా నెలలు సున్నా ఉన్న ఏ ఐటమ్‌కైనా ఇదే తంతు. పద్ధతుల మధ్య పోటీ పెట్టి తనే ఎంచుకునే ఆటోమేటిక్ సెట్టింగు మీ సిస్టమ్‌లో ఉంటే, ఈ ఐటమ్స్‌కి దాన్ని ఆపేయండి. అది ఇలాంటి కొలతతోనే ఎంచుకుంటూ ఉండొచ్చు.

ఇక లెక్క మొదలుపెట్టే ముందు ఆ ఐదు ఇష్యూల వెనక ఏముందో చూడాలి. సూత్రాలు నేర్చుకోవడం కంటే ఈ పనికే ఎక్కువ కష్టపడాలి, ఫలితమూ ఇక్కడే ఎక్కువ.

స్టోర్స్‌లో కూర్చుంటే తెలియదు, వర్క్‌షాపుకి వెళ్లండి. ఫిట్టర్ల ఇనప బీరువా తీయించండి. నూనె కాగితం చుట్టి, స్కెచ్ పెన్నుతో పంపు నంబరు రాసిన సీలు ఒకటి లోపల ఉంటే ఆశ్చర్యపోకండి. రెండు తీసుకెళ్లి ఒకటే బిగించి, రెండోది "మళ్లీ స్టోర్స్‌లో దొరకదేమో" అని దాచుకోవడం ప్రతి ప్లాంట్లో ఉన్నదే. అప్పుడు మీ పుస్తకంలో ఇష్యూ 2, పంపు వాడింది 1. ఆ తర్వాతి సారి బీరువాలోంచి తీసి వేస్తే పుస్తకంలో అసలు ఇష్యూయే ఉండదు. మీ ఐదు ఇష్యూల్లో మూడుసార్లు రెండేసి పోయాయి. స్ప్లిట్ కేసింగ్ పంపులో షాఫ్ట్‌కి రెండు వైపులా సీలు ఉంటుంది కాబట్టి ఒకటి కారితే రెండూ మార్చే అలవాటు వల్ల కావొచ్చు. లేదా దాచుడు వల్ల కావొచ్చు. మొదటిదైతే రెండు అనేది నిజమైన అవసరం. రెండోదైతే కాదు. స్లిప్పు మీద రెండూ ఒకేలా ఉంటాయి, అడిగితే గానీ తెలియదు. ఫిట్టర్ ఒడియా వాడైతే ఒడియాలోనే అడగండి, సగం సంగతులు కలిపి చెబుతాడు.

రెండోది, ప్లాన్డ్ షట్‌డౌన్. 14వ నెల ఇష్యూ వార్షిక షట్‌డౌన్‌లో ముందే అనుకుని మార్చిందే అనుకుందాం. దాన్ని ఫోర్‌కాస్ట్‌లో కలపకూడదు. షట్‌డౌన్ తేదీ మీకు నెలల ముందే తెలుసు, దానికి విడిగా ఇండెంట్ పెట్టి తెప్పించుకోవాలి. ఫోర్‌కాస్ట్ అనేది చెప్పకుండా వచ్చేవాటికే. అప్పుడు మిగిలేవి నాలుగు ఇష్యూలు, 6 సీళ్లు, సగటు దూరం 6 నెలలు, రేటు 0.25. ఒక్క స్లిప్పుని సరిగ్గా గుర్తుపట్టినందుకే రేటు పావు వంతు తగ్గింది. ఏ సూత్రమూ ఇంత మార్పు తేలేదు.

మూడోది, సున్నా నిజంగా సున్నాయేనా? ఆ నెల స్టోర్స్‌లో సీలు లేకపోతే ఫిట్టర్ స్లిప్పు రాయడు. విశాఖ నుంచి ఎమర్జెన్సీగా తెప్పించుకుంటారు, లేదా పాత సీలు ముఖాలు ల్యాపింగ్ చేయించి మళ్లీ వేస్తారు. పుస్తకంలో మాత్రం సున్నా పడుతుంది. స్టాకు లేని నెలల్ని లెక్కలోంచి తీసేయండి, లేదా నగదు కొనుగోళ్ల బిల్లులు చూసి ఆ అవసరాన్ని కలపండి. అలాగే ఒకే సీలు రెండు మెటీరియల్ కోడ్‌ల మీద తిరుగుతోందేమో చూడండి. ఒకచోట పంపు కంపెనీ పార్ట్ నంబరుతో, ఇంకోచోట సీలు కంపెనీ నంబరుతో ఎక్కిస్తారు. ఒక వస్తువు డిమాండ్ రెండుగా చీలి, రెండూ నాన్-మూవింగ్ లిస్టులో తేలుతాయి.

ఇవన్నీ సరిచూసినా మీ అంకెలు మారలేదనుకుందాం. అంటే అన్నీ బ్రేక్‌డౌన్‌లు, రెండు పోయినప్పుడు నిజంగా రెండూ వాడారు. ఇప్పుడు మీ మేనేజర్ గారి ప్రశ్నకి వద్దాం: 0.33కి మూడు ఎందుకు?

ఎందుకంటే స్టాకు నిర్ణయించేది నెల సగటు కాదు. కొత్త సరుకు వచ్చేలోపు ఎన్ని పోవచ్చు అన్నదే. మీ లీడ్ టైమ్ మూడు నెలలు. మీరు నెలకోసారి రివ్యూ చేస్తారు కాబట్టి ఇంకో నెల కలపండి. నాలుగు నెలల పాటు చేతిలో ఉన్నదానితోనే నెట్టుకురావాలి. ఈ నాలుగు నెలల్లో సగటున 1.33 సీళ్లు పోతాయి. ఆ 1.33 దగ్గరే ఆగిపోతే మళ్లీ సగటు ఊబిలోనే ఉన్నట్టు. ఎన్ని పోయే అవకాశం ఎంత అని విడదీయాలి. ఏ నెలలోనైనా ఇష్యూ అయ్యే అవకాశం 24లో 5. ఇష్యూ అంటూ అయితే, ఒకటి పోయే వంతు ఐదులో 2, రెండు పోయే వంతు ఐదులో 3. ఈ రెండు ముక్కలతో నాలుగు నెలలకి లెక్క వేస్తే ఇలా వస్తుంది:

| నాలుగు నెలల్లో పోయేవి | అవకాశం | అన్ని ఉంచితే సరిపోయే అవకాశం |
|---|---|---|
| 0 | 39% | 39% |
| 1 | 17% | 56% |
| 2 | 27% | 83% |
| 3 | 8% | 91% |
| 4 | 7% | 98% |

ఒకటి ఉంచితే సగానికి కాస్త పైన. అందులోనూ మీ ఇష్యూల్లో ఐదింట మూడుసార్లు రెండు కావాలి, ఒక్కటి ఉంటే పని సగంలో ఆగుతుంది. ఒకటి నుంచి రెండుకి వెళ్తే పెద్ద గెంతు. ఆ తర్వాత గెంతులు చిన్నవవుతాయి. ఈ "ఉంచడం" అంటే స్టోర్స్‌లో ఉన్నవీ, ఆర్డర్‌లో వస్తున్నవీ కలిపి అని గుర్తుంచుకోండి. రెండు పోతే వెంటనే రెండుకి ఆర్డర్, ఒకటి పోతే ఒకటికి. ఇష్యూ అయినప్పుడల్లా ఫోర్‌కాస్ట్ చూసి ఐదుకో ఆరుకో ఆర్డర్ పెట్టే అలవాటు ఉంటే మానేయండి.

ఇలాంటి లెక్కలకి చాలామంది నేరుగా పాయిసాన్ సూత్రం వాడతారు, ఎక్సెల్‌లో రెడీగా ఉంటుంది కాబట్టి. 1.33 సగటుకి అది మూడు సీళ్లతో 95 శాతం అని చెబుతుంది. మన పట్టికలో 91. తేడా ఎందుకంటే పాయిసాన్ ఒక్కొక్కటిగా పోయే వస్తువుకి సరిపోతుంది, మీది జంటలుగా పోతోంది. జంటలుగా పోయేవాటికి అది కాస్త ధీమాగా మాట్లాడుతుంది. మోటారు బేరింగులు, బెల్టుల సెట్లు కూడా ఈ కోవలోకే వస్తాయి.

ఇక మూడా, నాలుగా అన్నది డబ్బు లెక్క. ఏడాదికి నిల్వ ఖర్చు ధరలో 20 శాతం అనుకుంటే ఒక్కో అదనపు సీలుకి ఏటా 17 వేలు. ఏడాదిలో నాలుగు నెలల గడువులు మూడు. రెండు ఉంచితే ఒక్కో గడువులో కొరత పడే అవకాశం 17 శాతం, అంటే రమారమి రెండేళ్లకోసారి. మూడు ఉంచితే సుమారు నాలుగేళ్లకోసారి. నాలుగు ఉంచితే పదిహేనేళ్లు దాటిపోతుంది. మూడో సీలు ఏటా పావు కొరతని ఆపుతోంది, దానికి ఖర్చు 17 వేలు. అంటే ఒక్కసారి కొరత పడితే ప్లాంటుకి నష్టం 70 వేలకి మించితే మూడో సీలు గిట్టుబాటు. ఇలాగే లెక్కేస్తే నాలుగోదానికి ఆ హద్దు 85 వేల దగ్గర పడుతుంది.

ఇప్పుడు మేనేజర్ గారిని అడగాల్సింది ఒక్కటే: ఆ పంపుకి స్టాండ్‌బై ఉందా? స్టాండ్‌బై ఉండి, నిజంగా తిరిగే స్థితిలో ఉంటే, ఒక సీలు లేక పంపు కొన్నాళ్లు పడి ఉన్నా ఉత్పత్తి ఆగదు. అప్పుడు రెండు చాలు, మూడోది దండగ. స్టాండ్‌బై లేకపోతే, లేదా స్టాండ్‌బైలోంచే సీలు పీకి దీనికి వేసి అది ఖాళీ డొల్లగా పడి ఉంటే, ఆగిన కొద్ది గంటల నష్టమే 85 వేలు దాటొచ్చు. నాలుగు ఉంచండి. నాన్-మూవింగ్ లిస్టులో వాటి ఎదురుగా కారణం రాసిపెట్టండి: లీడ్ టైమ్ మూడు నెలలు, స్టాండ్‌బై లేదు, 98 శాతం భరోసా. ఆడిట్ వాళ్లు కారణం లేని స్టాకుని పట్టుకుంటారు గానీ లెక్క ఉన్నదాన్ని పట్టుకోవడం నేను పెద్దగా చూడలేదు.

ఇదే పంపు బేరింగు సంగతి వేరు. మామూలు సైజుదైతే విశాఖ డీలర్ దగ్గర ఎప్పుడూ ఉంటుంది. ఈరోజు చెబితే విజయనగరం, పార్వతీపురం మీదుగా రేపటికో ఎల్లుండికో రాయగడ చేరుతుంది. దానికి ఈ పట్టికలేవీ అక్కర్లేదు, ఒకటి ఉంచుకుని పోగానే తెప్పించుకోండి. వానాకాలంలో ఘాట్ల వైపు దారి తెగే చోట్ల మాత్రం ఆ నెలలకి రెండోది వేసుకుంటే మంచిది. లీడ్ టైమ్ తగ్గించడం ఫోర్‌కాస్ట్ బాగుచేయడం కంటే చాలాసార్లు చవకే. సీలు వెండర్‌తో మాట్లాడి, రేట్ కాంట్రాక్టు మీద ఒకటి వాళ్ల గోదాములో ఉంచమని అడిగారా? మూడు నెలలు కాస్తా ఒక నెల అయితే, రివ్యూ నెలతో కలిపి గడువు రెండు నెలలే. అప్పుడు ఇదే లెక్కతో రెండు సీళ్లకే భరోసా 95 శాతం దాటుతుంది.

క్రోస్టన్ పద్ధతికి ఉన్న పెద్ద లోపం ఒకటి చెప్పాలి, ఎందుకంటే రేపు మీరే దాని మీద తిట్టుకుంటారు. అది ఇష్యూ అయిన నెలలోనే కదులుతుంది. పంపునే మార్చేసి వేరే మోడల్ పెట్టారనుకోండి. ఇక ఈ సీలు ఎప్పటికీ పోదు. కానీ క్రోస్టన్ లెక్క మాత్రం పదేళ్ల తర్వాత కూడా 0.32 అనే చెబుతూ కూర్చుంటుంది. దీనికి ట్యూంటర్, సింటెటోస్, బాబై 2011లో ఒక మార్గం చెప్పారు. దూరానికి బదులు "ఈ నెల ఇష్యూ అయ్యే అవకాశం" నడపాలి, దాన్ని ప్రతి నెలా సవరించాలి. సున్నా నెలలో అది కొద్దిగా తగ్గుతుంది, ఇష్యూ అయిన నెలలో కొద్దిగా పెరుగుతుంది. పరిమాణాన్ని మాత్రం ఇష్యూ అయినప్పుడే ముట్టుకోవాలి. మీ సీలుకి అవకాశం 0.21తో మొదలుపెట్టి, నెలకి 5 శాతం చొప్పున తగ్గిస్తే ఏడాది మౌనం తర్వాత రేటు 0.33 నుంచి 0.18కి, రెండేళ్ల తర్వాత 0.10కి దిగుతుంది. మెల్లగా చల్లారుతుంది, ఒక్క నెలలో గుభేలున పడిపోదు. పాత యంత్రాల స్పేర్లు ఎక్కువున్న స్టోర్స్ అయితే నేను దీన్నే వాడమంటాను.

అయినా పంపు మారుతున్న సంగతి అంకెల్లోంచి తెలుసుకోవాల్సిన ఖర్మ మీకెందుకు? మెయింటెనెన్స్ వాళ్ల దగ్గర ఆ ప్రపోజల్ కొనుగోలుకి చాలా ముందే తిరుగుతుంది. నెలకోసారి వాళ్లతో కూర్చుని "ఏ యంత్రం తీసేస్తున్నారు, ఏది కొత్తగా పెడుతున్నారు" అని అడగండి. తీసేస్తున్నారని తెలిసిన రోజే రీఆర్డర్‌ని సున్నా చేయండి, ఉన్న సీళ్లు పెట్టె విప్పకుండా ఉంటే వెనక్కి తీసుకుంటారేమో వెండర్‌ని అడగండి.

చివరగా, ఈ పద్ధతిని మీ స్టోర్స్ మొత్తానికి వేయకండి. మీ సీలుకే ఐదు ఇష్యూలు ఉన్నాయి, ఐదు ఆధారాల మీద కట్టిన 91 శాతం కూడా చేతి అంచనా లాంటిదే. ఇంకో ఏడాది గడిస్తే 85 కావొచ్చు, 95 కావొచ్చు. దాని వెనక దశాంశాలు రాసి ప్రజెంటేషన్లో పెట్టొద్దు. అదే పంపు షాఫ్టుకో, పెద్ద గేర్‌బాక్సుకో పదేళ్లలో ఒక్క ఇష్యూ కూడా ఉండకపోవచ్చు. అక్కడ క్రోస్టన్ లేదు, ఇంకెవరూ లేరు. ఫోర్‌కాస్ట్ కాలమ్ ఖాళీగా వదిలేసి, విరిగితే ప్లాంటు ఎన్ని రోజులు ఆగుతుంది, కొత్తది రావడానికి ఎన్ని నెలలు అన్న రెండు ప్రశ్నల మీద ప్లాంట్ హెడ్ దగ్గర సంతకం పెట్టించుకుని ఇన్సూరెన్స్ స్పేర్‌గా ఒకటి ఉంచండి. ఆ ఐటమ్స్‌ని నాన్-మూవింగ్ రిపోర్టులోంచి వేరే కోడ్ కింద పక్కకి తీసేయమని ఐటీ వాళ్లకి చెప్పండి. లేకపోతే ప్రతి మార్చిలో అదే లిస్టు పట్టుకుని అదే వాదన పెట్టుకోవాలి.